ఆకలి వేళ కోపం ఎవరి మీద?

మా చిన్నాన్న కొడుకు పెళ్లి. తెనాలి దగ్గర ఒక కల్యాణ మండపం. పన్నెండుంబావుకు ముహూర్తం. తలంబ్రాలు, ఫొటోలు, మళ్లీ ఫొటోలు అయ్యేసరికి రెండు దాటింది. ఒంటిగంటకల్లా వేస్తామన్న మొదటి బంతికి ఇంకా విస్తళ్లే పడలేదు. అప్పుడు మా పెదనాన్న కుర్చీలోంచి లేచి, ఆడపెళ్లివారి పెద్దాయన మీద అరిచారు. "పిలిచినవాళ్లకి మర్యాద తెలియక్కర్లేదా? తిండికి మొహం వాచి వచ్చామనుకున్నారా?"

పెదనాన్నకు 71 ఏళ్లు. ఆయన గొంతు పెంచడం మేమెవరం ఎప్పుడూ వినలేదు. మండపంలో అందరూ మాటలు ఆపేసి ఇటే చూస్తున్నారు. ఆడపెళ్లివారికి ముఖాలు మాడిపోయాయి. మా వదిన, అంటే పెదనాన్న కోడలు, ఆస్పత్రిలో నర్సు. అందరూ ఆయన మాటలు వింటుంటే ఆమె మాత్రం ఆయన నుదురు చూసింది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. అయినా చొక్కా మెడ దగ్గర తడిసి ముద్దయింది. వేళ్లు వణుకుతున్నాయి.

"మావయ్యగారూ, ఒక్క నిమిషం కూర్చోండి. వేలు ఇవ్వండి" అని సంచీలోంచి షుగర్ మిషన్ తీసింది. 52 చూపించింది. వంటశాల నుంచి గ్లాసుడు నీళ్లలో నాలుగు చెంచాల పంచదార కలిపి తెప్పించి తాగించింది. పావుగంట తర్వాత మళ్లీ చూస్తే 88. చెమట ఆరింది, చేతుల వణుకు ఆగింది. ఆయన చుట్టూ చూసి నెమ్మదిగా, "నేనేమన్నా అన్నానా అమ్మా?" అని అడిగారు.

ఇదంతా జరగడానికి పది నిమిషాల ముందు, నేను మా అమ్మాయిని కసిరాను. దానికి తొమ్మిదేళ్లు. "నాన్నా, ఇంటికెప్పుడు వెళ్దాం?" అని రెండోసారి అడిగింది, అంతే. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. నాకు షుగర్ లేదు. ఏ మాత్రా వేసుకోను. పెదనాన్న కోపానికి మిషన్ ఒక లెక్క చెప్పింది. మరి నా కోపానికి లెక్కేమిటి? చూసేవాళ్లకు ఆ రెండు కోపాలూ ఒకలాగే ఉంటాయి. లోపల జరిగేది మాత్రం ఒకటి కాదు. ఆ తేడా తెలిస్తే ఒకచోట ప్రాణం కాపాడొచ్చు, ఇంకోచోట ఒక పిల్ల ఏడవకుండా చూడొచ్చు.

పెదనాన్న రక్తంలో ఏం జరిగింది

ఒక పెద్ద మనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. అందులో ఏ క్షణానైనా కరిగి ఉండే గ్లూకోజ్ నాలుగైదు గ్రాములు. అంటే ఒక చిన్న చెంచాడు. మెదడొక్కటే గంటకు దాదాపు అంత ఖర్చు పెడుతుంది. శరీరం బరువులో మెదడు వాటా నూటికి రెండు పాళ్లే. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్లు ఖర్చుచేసే శక్తిలో మాత్రం ఐదో వంతు దానికే పోతుంది. కాబట్టి ఆ చెంచాడు గ్లూకోజ్‌ని ఎవరో ఒకరు ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి. భోజనానికీ భోజనానికీ మధ్య ఆ పని కాలేయం చేస్తుంది. తాను దాచుకున్న నిల్వ నుంచి కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది.

పెదనాన్న ఆ రోజు ఆరింటికే బయల్దేరాలని రెండిడ్లీలు తిని, రోజూ వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకున్నారు. ఆ మాత్ర పని క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయించడం. తిండి వేళకు వచ్చిందా, పెళ్లిలో ఆలస్యమైందా అన్నది దానికి తెలియదు. మామూలు మనిషిలో గ్లూకోజ్ 80 దగ్గరికి దిగగానే క్లోమం ఇన్సులిన్‌ను తగ్గించుకుంటుంది. ఆయన విషయంలో మాత్ర ఆ తగ్గింపుకు అడ్డుపడింది. కాలేయం వదిలేదాన్ని ఇన్సులిన్ అణిచిపెడుతూనే ఉంది.

గ్లూకోజ్ 70కి కిందికి దిగుతుంటే శరీరం ఆపద గంట మోగిస్తుంది. గ్లూకగాన్ అనే హార్మోన్, దానితో పాటు అడ్రినలిన్ రక్తంలోకి వస్తాయి. గుండె వేగంగా కొట్టుకోవడం, చేతులు వణకడం, చెమటలు పట్టడం ఈ ఆపద స్పందన వల్లే. కుక్క వెంటపడినప్పుడూ, నలుగురిలో ఎవరైనా అవమానించినప్పుడూ ఒంట్లో పొంగేది కూడా ఈ అడ్రినలినే. అంటే పెదనాన్న శరీరం పోట్లాటకు సిద్ధమైన మనిషి శరీరంలా అయిపోయింది. అది చాలదన్నట్టు, 50ల్లోకి దిగేసరికి మెదడుకే ఇంధనం తక్కువైంది. ఏది అనాలి, ఏది మింగాలి అని చూసుకునే విచక్షణకు బలం చాలలేదు. ఎదురుగా భోజనాల ఆలస్యం ఉంది. కోపం దాని మీదికి మళ్లింది.

ఇలాంటి సమయంలో మందు మంచి మాట కాదు, పంచదార. స్పృహలో ఉండి మింగగలిగితే పదిహేను గ్రాముల చక్కెర, అంటే మూడు నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. 70 దాటకపోతే ఇంకోసారి ఇవ్వాలి. పెళ్లిలో చేతికందేది లడ్డూ. అయితే అందులో నెయ్యి ఉంటుంది కాబట్టి చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. వోగ్లిబోస్, అకార్బోస్ కలిసిన మాత్రలు వాడేవాళ్లకు పంచదార కూడా తొందరగా పనిచేయదు. పేగుల్లో పంచదార విడిపోవడాన్నే ఆ మందులు నిదానం చేస్తాయి. వాళ్లకు గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తేరుకున్నాక కూడా వెంటనే అన్నం పెట్టాలి. ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది కాబట్టి షుగర్ మళ్లీ పడిపోవచ్చు.

గుర్తుపట్టడంలో ఇంకో చిక్కు ఉంది. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లలో గుండెదడ, వణుకు అంతగా బయటపడవు. చెమట మాత్రం పడుతుంది. తరచూ షుగర్ పడిపోయేవాళ్లలో ముందస్తు హెచ్చరికలు మొద్దుబారతాయి. అలాంటివాళ్లలో ఇంటివాళ్లకు మొట్టమొదట కనిపించే గుర్తు ఒక్కోసారి స్వభావానికి పొసగని కోపమే అవుతుంది. షుగర్ మాత్రలు వాడే పెద్దాయన ఉన్నట్టుండి ఎన్నడూ లేనట్టు మాట్లాడితే, ఆ మాటలకు జవాబిచ్చే ముందు ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూడాలి.

మరి నా సంగతి?

నేను ఉదయం ఎనిమిదింటికి పెసరట్టు, ఉప్మా తిన్నాను. రెండింటికి నా రక్తంలో గ్లూకోజ్ చూసి ఉంటే 80కో 90కో అటూ ఇటూగా ఉండేది. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో దాదాపు వంద గ్రాముల గ్లూకోజ్‌కు సరిపడా నిల్వ ఉంటుంది. రాత్రి తిని పడుకుంటే తెల్లారేదాకా మెదడును నడిపించేది అదే. ఒకపూట భోజనం రెండు గంటలు ఆలస్యమైనంత మాత్రాన ఆరోగ్యవంతుడి మెదడు పస్తు పడదు. "షుగర్ పడిపోయింది, అందుకే చిరాకు" అని అందరం అనేస్తుంటాం. నావంటివాళ్ల విషయంలో ఆ మాట చాలావరకు తప్పు.

అయితే ఆకలి అబద్ధం కాదు. పొట్ట ఖాళీ అయ్యాక జీర్ణాశయం నుంచి గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా వెలువడుతుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని కనుగొన్నారు. దీనికో విశేషం ఉంది. పొట్ట ఖాళీగా ఉండడంతో పాటు గడియారాన్నీ ఇది పట్టించుకుంటుంది. మనం రోజూ తినే వేళకు కాస్త ముందు పెరుగుతుంది, ఆ వేళ దాటితే మనం తినకపోయినా కొంత తగ్గుతుంది. "ఇందాక నకనకలాడింది, ఇప్పుడు ఆకలి చచ్చిపోయింది" అని మన ఇళ్లలో అంటారే, ఆ అనుభవం వెనుక ఉన్నది ఈ ఎగుడుదిగుడే. ఒంటిగంటకు తినే అలవాటున్న నాకు రెండు గంటలకు ఆ పోరు తీవ్రంగానే ఉంది.

గ్రెలిన్ రక్తంలో ప్రయాణించి మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌కు చేరుతుంది. అక్కడ ఆకలిని నడిపే కణాల గుంపు ఒకటుంది. 2015లో అమెరికాలోని జనేలియా పరిశోధనా కేంద్రంలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఈ కణాల గురించి ఒక ముఖ్య విషయం బయటపడింది. కడుపు నిండిన ఎలుకల్లో ఈ కణాలను కృత్రిమంగా మేల్కొలిపితే, అలా మేల్కొలిపిన చోటికి మళ్లీ వెళ్లడానికి ఎలుకలు ఇష్టపడలేదు. అంటే ఈ కణాలు తిండి మీద ఆశ పుట్టించడంతో ఆగడం లేదు, భరించలేని ఇబ్బందినీ పుట్టిస్తున్నాయి. ఆ ఇబ్బంది పోగొట్టుకోవడానికే జంతువు తిండి వెతుక్కుంటుంది. ఆ ఏడాదే వచ్చిన మరో సంగతి ఇంకా ఆశ్చర్యం. తిండి కంటబడగానే, ఒక్క ముద్ద మింగకముందే, ఈ కణాల హడావుడి ఒక్కసారిగా తగ్గిపోతోంది. మనుషుల్లోనూ అచ్చం ఇలాగే జరుగుతుందని తేల్చి చెప్పలేం. అయినా విస్తరి ముందు కూర్చుని, పప్పూ నెయ్యీ వడ్డిస్తుండగానే మనుషుల ముఖాలు మెత్తబడడం ఏ పెళ్లిలోనైనా చూడవచ్చు.

ఒక్క విషయం మాత్రం గమనించాలి. ఇంతవరకూ చెప్పినదాంట్లో కోపం ఎక్కడా లేదు. ఉన్నది ఒక ఇబ్బంది మాత్రమే. కడుపులో తోడేస్తున్నట్టు, ఒళ్లంతా అసహనంగా, ఏదీ నచ్చనట్టు ఉంటుంది. దానికి పేరు లేదు, ఫలానా మనిషి మీద అన్నదీ లేదు. పేరు పెట్టేది, మనిషిని చూపించేది మెదడు.

ఇబ్బంది కోపంగా మారే చోటు

అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో జెనిఫర్ మెకార్మక్, క్రిస్టెన్ లిండ్‌క్విస్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ మార్పును పట్టుకోవడానికి ప్రయోగాలు చేశారు. ఒకదాంట్లో మనుషులకు ముందు ఒక బొమ్మ చూపించారు. కొందరికి మనసుకు హాయినిచ్చేది, కొందరికి చిరాకు తెప్పించేది, ఇంకొందరికి ఏ భావమూ కలిగించనిది. ఆ వెంటనే వాళ్లకు అర్థం తెలియని చైనా అక్షరాన్ని చూపించి, అది ఇంపుగా ఉందా లేదా అని అడిగారు. ఆకలిగా ఉన్నవాళ్లు ఆ అమాయకపు అక్షరాన్ని మరింత చెడ్డగా చూశారు. అయితే అందరూ కాదు, దానికి ముందు చిరాకు బొమ్మ చూసినవాళ్లే. హాయైన బొమ్మ చూసినవాళ్లను ఆకలి అలా మార్చలేదు. అంటే ఆకలి ఒక్కటే చాలదు. చుట్టూ ఒక చేదు సందర్భం కూడా ఉండాలి. అప్పుడు కడుపులోని ఇబ్బంది ఆ సందర్భంలోకి ఒలికిపోతుంది.

మరో ప్రయోగంలో రెండు వందలమందికి పైగా విద్యార్థులను పిలిచారు. కొందరు తిని వచ్చారు, కొందరు ఆకలితో వచ్చారు. వాళ్లలో సగంమంది చేత భావోద్వేగాల గురించి ఏదో రాయించారు, తక్కినవాళ్ల చేత వాటితో సంబంధం లేనిది రాయించారు. తర్వాత కంప్యూటర్ మీద విసుగెత్తించే పని ఇచ్చారు. పని ముగిసే వేళకు కంప్యూటర్ పాడైపోయేలా ముందే ఏర్పాటు చేశారు. అప్పుడు పరిశోధకురాలు లోపలికి వచ్చి తప్పు నీదేనంది. ఆకలితో ఉండి, తమ మనసు వైపు చూసుకోనివాళ్లు ఎక్కువ ద్వేషాన్ని, ఒత్తిడిని చెప్పుకున్నారు. ఆమె తమతో కటువుగా ప్రవర్తించిందని ఎక్కువగా అన్నారు. భావోద్వేగాల గురించి రాసి వచ్చినవాళ్లు మాత్రం అంతే ఆకలితో ఉన్నా అంతగా రగిలిపోలేదు. తమ లోపల ఏముందో ఒకసారి చూసుకున్నవాళ్లకు ఆ ఇబ్బంది ఎదుటి మనిషి నుంచి వస్తున్నట్టు అనిపించలేదు.

మండపంలో నాకు జరిగింది ఇదే. కడుపులో పోరు ఉంది. చుట్టూ ఉక్క, రద్దీ, మోత, ఆలస్యం ఉన్నాయి. ఆ ఇబ్బంది ఆకలిదని నేను అనుకోలేదు. నా కళ్లు బయటే ఉన్నాయి. అప్పుడే ఒక చిన్న గొంతు రెండోసారి అదే ప్రశ్న అడిగింది. నా మెదడుకు కావలసిన కారణం దొరికింది. "ఈ పిల్ల విసిగిస్తోంది" అని ఆ క్షణంలో నిజంగానే అనిపించింది. ఇందులో మోసం ఇక్కడే ఉంది. ఆకలి కోపం వచ్చినవాడికి తన కోపం ఆకలిదిగా కనిపించదు. ఎదుటివాడి తప్పుగానే కనిపిస్తుంది.

2025లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం దీన్ని ఇంకో వైపు నుంచి చూసింది. తొంభైమంది ఆరోగ్యవంతుల చేతులకు గ్లూకోజ్ కొలిచే సెన్సర్లు పెట్టి, నాలుగు వారాలపాటు ఫోనులో వాళ్ల ఆకలినీ మానసిక స్థితినీ అడుగుతూ వచ్చారు. గ్లూకోజ్ తగ్గినప్పుడు మనసు బాగుండని మాట నిజమే. అయితే అది నేరుగా జరగలేదు. ఆకలిగా ఉందని ఆ మనిషికి అనిపించినప్పుడే మనసు కిందికి దిగింది. తమ ఒంట్లోని మార్పును సరిగ్గా పసిగట్టగలిగినవాళ్లలో మూడ్ ఊగిసలాట తక్కువగా కనిపించింది.

మన భాషకు ఈ దారి పాతదే. ఈర్ష్యనూ కసినీ మనం కడుపుమంట అంటాం. చల్లగా ఉండాలని దీవించేటప్పుడు కడుపు పేరే చెబుతాం. కడుపుకూ మనసుకూ మధ్య గోడ లేదని ఈ మాటలు అన్నవాళ్లు ఎరిగినట్టే ఉంది.

పేరు పెడితే చాలని ఆకలి

పేరు పెట్టడం వల్ల కలిగే మేలుకు ఒక హద్దుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1944–45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకుల మీద ఒక ప్రయోగం చేశారు. ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పక, దానికి బదులు స్వచ్ఛందంగా ఇందులో చేరినవాళ్లు వీళ్లు. ఆరు నెలలపాటు వాళ్లకు అలవాటైన తిండిలో సుమారు సగమే పెట్టారు. బరువులో దాదాపు నాలుగో వంతు తగ్గారు. శాంతిని నమ్మిన ఆ మనుషులే చిన్న విషయాలకు విరుచుకుపడ్డారు, దిగాలుపడ్డారు, తిండి తప్ప ఇంకే ధ్యాసా లేకుండా పోయారు. తమది ఆకలేనని వాళ్లకు బాగా తెలుసు. ఆ తెలివిడి వాళ్లను కాపాడలేదు.

కాబట్టి రెండు గంటలు ఆలస్యమైన భోజనానికీ, రోజుల తరబడి చాలని తిండికీ ఒకే సలహా చెప్పకూడదు. మొదటిదానికి గుర్తింపు పనిచేస్తుంది. రెండోదానికి అన్నమే కావాలి. అర్ధాకలితో పనికి వెళ్లే మనిషి ముక్కోపాన్ని స్వభావం కింద లెక్కగట్టడం అన్యాయం.

పిల్లలది ఈ రెండింటికీ మధ్య స్థితి. ఒంట్లోని ఇబ్బందికి ఆకలని పేరు పెట్టే నేర్పు వాళ్లకు ఇంకా పూర్తిగా రాదు. సాయంత్రం బడి నుంచి వచ్చి, పెన్సిల్ ముక్క విరిగిందని నేలమీద పడి ఏడ్చే పిల్లకు పెన్సిల్ గురించి నచ్చజెప్పి లాభం లేదు. ముందు ఒక అరటిపండో అటుకులో పెట్టి, ఆ తర్వాత మార్కులు అడగాలి. అలా పెడుతూ "నీకు ఆకలేసినట్టుందమ్మా, అందుకే ఏడుపొస్తోంది" అని ఒక మాట అంటే, ఒంట్లోని ఇబ్బందికి పేరు పెట్టుకోవడం మెల్లగా ఆ పిల్లకు అలవాటవుతుంది.

ఆ రోజు పెళ్లిలో మా అమ్మాయి కూడా ఉదయం సరిగ్గా తినలేదు. అది అడిగిన ప్రశ్న కూడా ఆకలి ప్రశ్నే. ఇద్దరం ఆకలితోనే ఉన్నాం. ఒకరికొకరం తప్పుగా కనిపించాం.

రెండున్నరకు విస్తళ్లు వేశారు. పెదనాన్నకు వదిన అందరికన్నా ముందే అన్నం కలిపి పెట్టించింది. తిన్నాక ఆయన లేచి వెళ్లి ఆడపెళ్లివారి పెద్దాయన చేతులు పట్టుకున్నారు. "షుగర్ పడిపోయింది బావగారూ, ఒళ్లు తెలియలేదు" అన్నారు. ఆయన మిషన్ మీద 52 చూసిన మనిషే కాబట్టి వెంటనే అర్థం చేసుకున్నాడు.

నాకు చూపించడానికి అలాంటి లెక్కేమీ లేదు. బంతిలో మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇందాక నాన్నకి ఆకలేసిందమ్మా. నీ తప్పేం లేదు" అన్నాను. అది పూర్ణం బూరె కొరుకుతూ నా వైపు చూసి, "నాకూ వేసింది నాన్నా" అంది.